కెమెరాలో పడలేదంటే ఎలుగు లేనట్టేనా? ఆక్యుపెన్సీ మోడల్ వేయడం, ఆ రెండు సంఖ్యలను చదవడం

"నలభై కెమెరాలు పెట్టామండీ. పద్దెనిమిదింటిలో ఎలుగుబంటి పడింది. 18 బై 40, అంటే 45 శాతం చోట్ల ఎలుగు ఉన్నట్టు. ఇంతేగా?" ఈ ప్రశ్న ఏటా నాలుగైదుసార్లు వస్తుంది. మోడల్ వేయడం నేర్చుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఇంకోటి వస్తుంది: "R రెండు ప్రాబబిలిటీలు ఇచ్చింది, ఏది దేనికి?" రెంటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

థియరీ ఒక్క పేరాలో ముగిస్తాను. కెమెరాలో ఎలుగు పడలేదంటే రెండు కారణాలు ఉండొచ్చు. అక్కడ ఎలుగు లేదు, లేదా ఉంది కానీ కెమెరాకు చిక్కలేదు. ఒకే చోటును పదేపదే చూస్తే, ఎలుగు ఉందని రుజువైన చోట్ల కెమెరా దాన్ని ఎన్నిసార్లు పట్టింది, ఎన్నిసార్లు వదిలేసింది అన్నది తెలుస్తుంది. ఆ వదిలేసే రేటును బట్టి, ఎప్పుడూ పడని చోట్లలో ఎన్నింట ఎలుగు ఉండి ఉంటుందో లెక్క కట్టొచ్చు. 2002లో మెకెంజీ, ఆయన సహచరులు ప్రచురించిన ఆక్యుపెన్సీ మోడల్ పద్ధతి సారం ఇదే. అందులో రెండు సంఖ్యలుంటాయి: ఎలుగు ఉండే అవకాశం ψ (సై అని చదవండి), ఉంటే కెమెరాకు దొరికే అవకాశం p.

ఉదాహరణకు నల్లమల లాంటి ఆకురాల్చే అడవిని, ఎలుగుబంటిని తీసుకుంటున్నాను. లెక్కలు మాత్రం పాఠం కోసం నేను కల్పించినవి, ఏ సర్వేవీ కావు. మీ కంప్యూటర్‌లో వేసి చూసినా ఇవే సంఖ్యలు రావాలి.

కావలసినవి

- కెమెరాల పట్టిక: ప్రతి కెమెరా పేరు, జీపీఎస్, పెట్టిన తేదీ, తీసిన తేదీ, మధ్యలో ఆగిపోయిన తేదీలు
- ఫొటోల పట్టిక: కెమెరా పేరు, జంతువు, తేదీ, సమయం
- ఫీల్డ్ నోట్‌బుక్: కెమెరా బాట మీద ఉందా, వాగులోనా, పొదల్లోనా; నీళ్లు ఎంత దూరం
- R, అందులో `unmarked` ప్యాకేజీ. ఫొటోలు వేలల్లో ఉంటే `camtrapR` కూడా

అటవీ శాఖ అనుమతి, కెమెరాలు బిగించడం లాంటివి ఇక్కడ చెప్పను. డేటా చేతికొచ్చాక మొదలుపెడదాం.

1. సైటు అంటే ఏమిటో, కాలం ఎంతో ముందే రాసి పెట్టుకోండి

కాగితం మీద ఒక్క వాక్యం చాలు. "సైటు అంటే కెమెరా చుట్టుపక్కల చోటు; కాలం మార్చిలో వరుసగా 30 రోజులు." ఇది రాయకుండా మోడల్ వేసినవాళ్లు తర్వాత ψ అర్థం చెప్పలేక తడబడతారు. ఎలుగు కొన్ని చదరపు కిలోమీటర్లు తిరుగుతుంది. కెమెరా చూసేది పది మీటర్ల మేర. కాబట్టి ఇక్కడ "ఉండటం" అంటే ఆ చోట కాపురం ఉండటం కాదు, ఆ నెలలో ఎప్పుడో ఒకప్పుడు ఆ చోటును వాడటం. ఆరో అంచెలో దీనితో మళ్లీ పని పడుతుంది.

కాలాన్ని మరీ సాగదీయొద్దు. మార్చిలో ఇప్పపూల కోసం వచ్చే ఎలుగు వానలు పడ్డాక అక్కడ కనిపించకపోవచ్చు. ఆ రెంటినీ ఒకే సర్వేలో కలిపితే, ఎలుగు వెళ్లిపోయిన రోజులను కూడా "ఉంది, కానీ చిక్కలేదు" అని మోడల్ లెక్కేసుకుంటుంది.

2. తేదీలు, గుర్తింపు సరిచూడండి

బ్యాటరీలు మార్చినప్పుడు కొన్ని కెమెరాల గడియారం మొదటికొచ్చేస్తుంది. మార్చి 12న తీసిన ఫొటో మీద ఏదో పాత సంవత్సరం జనవరి 1 అని పడుతుంది. అందుకే కెమెరా పెట్టేటప్పుడు, తీసేటప్పుడు చేతిగడియారం గానీ, తేదీ రాసిన పలక గానీ దాని ముందు చూపించి ఒక ఫొటో పడనివ్వాలి. తీసేటప్పటి ఫొటో కార్డులో లేదంటే కెమెరా అంతకుముందే ఆగిపోయినట్టు. అప్పుడు కార్డులో చివరి ఫొటో ఏ రోజుదో చూడండి. అది గాలికి ఊగిన గడ్డి ఫొటో అయినా సరే, అప్పటిదాకా కెమెరా పనిచేసిందని చెప్పే సాక్ష్యం అదే.

జంతువును తప్పుగా గుర్తిస్తే ఈ మోడల్ ఏమీ చేయలేదు. లేని జంతువు ఉన్నట్టు ఎప్పుడూ నమోదు కాదన్న నమ్మకం మీదే అది నడుస్తుంది. నాలుగో అంచెలో వేయబోయే మన లెక్కలోనే, ఎలుగు పడని ఒక చోట రాత్రిపూట మసక ఫొటోలోని అడవిపందిని ఎలుగని ఒక్కసారి రాశారనుకోండి. ψ 0.545 నుంచి 0.587కి ఎగబాకుతుంది. ఒక కొత్త చోటు చేరడమే కాదు, p కూడా తగ్గిపోతుంది కాబట్టి తప్పు రెట్టిస్తుంది. అనుమానం ఉన్న ఫొటోను వదిలేయడమే మేలు. వదిలేసినదాన్ని మోడల్ p కింద సర్దుకోగలదు గానీ, తప్పుగా చేర్చినదాన్ని సర్దుకోలేదు.

3. హాజరు పట్టీ తయారుచేయండి

బడిలో హాజరు పట్టీని గుర్తుచేసుకోండి. అడ్డవరుసలు కెమెరాలు, నిలువు గడులు విడతలు. 30 రోజులను ఐదేసి రోజుల చొప్పున ఆరు విడతలుగా విడగొట్టాం. ఆ ఐదు రోజుల్లో ఎలుగు ఒక్కసారి పడినా, పదిహేనుసార్లు పడినా, పిల్లను వీపున మోసుకుంటూ పడినా 1. కెమెరా పనిచేసింది, ఎలుగు పడలేదంటే 0. కెమెరా పనిచేయలేదంటే `NA`.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ సున్నాకీ `NA`కీ మధ్యే. నేనూ తిన్నాను. మొదటి ప్రాజెక్టులో పట్టిక నీట్‌గా ఉండాలని ఎక్సెల్‌లో ఖాళీ గడులన్నీ సున్నాలతో నింపేశాను. వాటిలో సగం బ్యాటరీ అయిపోయిన కెమెరాలవి. సున్నా అంటే "పేరు పిలిచాం, పలకలేదు" అని. `NA` అంటే "ఆ రోజు హాజరే తీయలేదు" అని.

తేడా ఎంతో చూడండి. ఆరు విడతలూ పనిచేసి ఒక్క ఎలుగునూ పట్టని కెమెరా దగ్గర ఎలుగు ఉండి ఉండే అవకాశం మన మోడల్ ప్రకారం 0.17. మూడు విడతలే పనిచేసి ఆగిపోయిన కెమెరా దగ్గర అదే అవకాశం 0.33, అంటే దాదాపు రెట్టింపు. ఆ కెమెరాకు ఆరు సున్నాలు వేస్తే, చూడని చోటును చూసి లేదని తేల్చినట్టే.

ఐదు రోజుల విడతలో కెమెరా రెండు రోజులే పనిచేస్తే? `NA` పెట్టేయొచ్చు. లేదా గడిని ఉంచి, పనిచేసిన రోజుల సంఖ్యను p వైపు ఒక కోవేరియట్‌గా, అంటే p మీద ప్రభావం చూపే అదనపు సమాచారంగా ఇవ్వొచ్చు. డేటా తక్కువగా ఉంటే రెండోదే నయం. `camtrapR`లో `detectionHistory()` వాడితే `includeEffort = TRUE` అని ఇవ్వండి, ఆ రోజుల లెక్క అదే కట్టిస్తుంది. `timeZone = "Asia/Kolkata"` అని ఇవ్వడం మరవకండి.

విడత ఐదు రోజులే ఉండాలని రూలేమీ లేదు. ఒక్కరోజు పెడితే పట్టిక నిండా సున్నాలే. పది రోజులు పెడితే మూడే గడులు మిగులుతాయి, p తేల్చడానికి అవి చాలా తక్కువ. ఎలుగు లాంటివాటికి ఐదు నుంచి ఏడు రోజులు నాకు కుదిరింది.

4. ముందు కోవేరియట్లేమీ లేకుండా మోడల్ వేయండి

నేరుగా నీళ్ల దూరం, చెట్ల సాంద్రత, ఊళ్ల దూరం అన్నీ ఒకేసారి గుమ్మరించొద్దు. మొదట ఖాళీ మోడల్. మన 40 కెమెరాల్లో 8 చోట్ల ఎలుగు ఒక విడతలో, 6 చోట్ల రెండు విడతల్లో, 3 చోట్ల మూడింట్లో, ఒక చోట నాలుగింట్లో పడింది. మొత్తం 18 చోట్లు, 33 హాజర్లు.

```r
library(unmarked)
y <- matrix(0, 40, 6)
n <- c(rep(1, 8), rep(2, 6), rep(3, 3), 4)
for (i in 1:18) y[i, sample(6, n[i])] <- 1
umf <- unmarkedFrameOccu(y = y)
m0 <- occu(~1 ~1, umf)
m0
```

`occu`లో మొదటి `~` p కోసం, రెండోది ψ కోసం. చాలామంది తిప్పి రాస్తారు. పైగా తిప్పి రాసినా చాలాసార్లు ఎర్రర్ రాదు, నిశ్శబ్దంగా తప్పుడు జవాబు వస్తుంది.

5. తెరమీద కనిపించిన సంఖ్యను అలాగే రాసేయొద్దు

`m0` చూపించేది ఆక్యుపెన్సీకి 0.182, డిటెక్షన్‌కు -1.09. "ఆక్యుపెన్సీ 18 శాతం" అని రిపోర్టులో రాసినవాళ్లను చూశాను. డిటెక్షన్ మైనస్‌లో వచ్చిందని టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. అవి లాజిట్ స్కేల్ మీద ఉన్న సంఖ్యలు. మామూలు ప్రాబబిలిటీగా మార్చాలి:

```r
backTransform(m0, type = "state")
backTransform(m0, type = "det")
```

ఇప్పుడు ψ = 0.545 (స్టాండర్డ్ ఎర్రర్ 0.106), p = 0.252 వస్తాయి.

6. రెండు సంఖ్యలనూ వేర్వేరుగా, నెమ్మదిగా చదవండి

ముందు p చదవండి. 0.252 అంటే, ఎలుగు వాడుతున్న చోట పెట్టిన కెమెరాకు ఐదు రోజుల విడతలో అది ఒక్కసారైనా చిక్కే అవకాశం నాలుగింట ఒకటి. ఇందులో రెండు షరతులున్నాయి. మొదటిది "వాడుతున్న చోట". అన్ని చోట్ల సగటు కాదిది, లేని చోట p అన్న మాటకే అర్థం లేదు. రెండోది "ఐదు రోజుల విడతలో". అదే ఎలుగుకు రోజువారీ p 0.056, పది రోజుల p 0.44. కాబట్టి విడత పొడవు చెప్పకుండా p ఒక్కటే రాస్తే దానితో ఎవరికీ పనిలేదు. ఒకరు రోజువారీ p వేసి, ఇంకొకరు వారం p వేసి, "మా కెమెరాలు మీవాటికన్నా మంచివి" అని వాదించుకోవడం నేను కళ్లారా చూశాను.

p కెమెరా నాణ్యత కూడా కాదు. ఆ ఐదు రోజుల్లో ఎలుగు ఆ వైపు రావాలి, కెమెరా ముందుగా నడవాలి, సెన్సర్ పట్టాలి, ఫొటోలో మనం గుర్తుపట్టాలి. ఈ నాలుగూ కలిసినదే p. సెన్సర్ చూసేది జంతువు ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ ఉన్న తేడాని. ఏప్రిల్ మధ్యాహ్నం నేల కాలిపోతుంటే ఆ తేడా తగ్గి, కెమెరా కొన్నింటిని వదిలేస్తుంది. కెమెరా ముందు ఇప్పచెట్టుంటే పూలు రాలే రోజుల్లో p పెరుగుతుంది. ఎలుగులు ఎక్కువున్న చోట ఏదో ఒకటి చిక్కే అవకాశం ఎలాగూ ఎక్కువే.

ఒక్క విడతకు 0.252 అయితే, ఆరు విడతల్లో కనీసం ఒక్కసారైనా చిక్కే అవకాశం ఎంత? ఒక్కసారీ చిక్కకపోవడం 0.748ని ఆరుసార్లు గుణిస్తే 0.175. మిగిలినది 0.825. అంటే ఎలుగు ఉన్న ప్రతి వంద చోట్లలో 17, 18 చోట్లను నెలరోజుల సర్వే కూడా ఖాళీ అనుకుని వదిలేస్తుంది. ఎలుగున్న చోటు నూటికి 95 వంతులు తప్పిపోకూడదంటే పదకొండు విడతలు, అంటే 55 రోజులు కావాలి.

ఇప్పుడు ψ. ఫొటో పడిన వాటా 0.45ని 0.825తో భాగించండి: 0.545. ఖాళీ మోడల్‌లో, కెమెరాలన్నీ పూర్తిగా పనిచేసినప్పుడు ఈ చేతిలెక్క మోడల్ జవాబుతో సరిపోవాలి. సరిపోకపోతే పట్టికలో ఏదో తప్పు ఉన్నట్టు. ψ = 0.545 అంటే, ఈ అడవిలో ఇలాంటి ఒక చోటును తీసుకుంటే, ఆ 30 రోజుల్లో ఎలుగు దాన్ని వాడే అవకాశం 0.545.

అది కానివేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో అవే వస్తాయి. అడవిలో 54 శాతం విస్తీర్ణంలో ఎలుగులున్నాయని కాదు. కెమెరాలు బాటల వెంట పెడితే ఆ సంఖ్య బాటల గురించే. ఎన్ని ఎలుగులున్నాయన్న దానికి జవాబు అసలే కాదు. ఒకే ఎలుగు నాలుగు కెమెరాల ముందు తిరిగి ఉండొచ్చు. కాలం పెంచితే ψ కూడా పెరుగుతుంది, మూడు నెలల్లో ఎలుగు మరిన్ని చోట్లు తొక్కుతుంది కాబట్టి. అందుకే మీ నెలరోజుల ψని ఇంకొకరి మూడు నెలల ψతో పోల్చి "మా దగ్గర ఎలుగులు తగ్గాయి" అనకూడదు.

తరచూ గందరగోళపడే మూడో సంఖ్య ఒకటుంది. "ఫలానా 27వ కెమెరాలో ఎలుగు పడలేదు. అక్కడ ఉండే అవకాశం 0.545యేనా?" కాదు. ఆరుసార్లు చూసి దొరకలేదన్న సంగతి మనకు తెలుసు కదా, ఆ అవకాశం తగ్గాలి. ఒక్కసారీ ఎలుగు పడని చోట్ల వాటా 22 బై 40, అంటే 0.55. లెక్క ఇది: 0.5455 × 0.1751 ÷ 0.55 = 0.174. R ఇలా ఇస్తుంది:

```r
z <- bup(ranef(m0), stat = "mean")
sum(z)
```

ఫొటో పడిన 18 చోట్లకూ 1 వస్తుంది, మిగతా 22 చోట్లకూ 0.174. మొత్తం 21.8. అంటే ఖాళీగా కనిపించిన 22 చోట్లలో సుమారు నాలుగింట ఎలుగు ఉండి ఉంటుంది. ఏ నాలుగో మోడల్ చెప్పలేదు.

7. కోవేరియట్లను సరైన వైపు పెట్టండి

నీళ్ల దూరం, చెట్ల రకం లాంటివి జంతువు ఎక్కడుంటుందో నిర్ణయిస్తాయి, అవి ψ వైపు. కెమెరా బాట మీద ఉందా లేదా, ఎన్ని రోజులు పనిచేసింది లాంటివి చిక్కడాన్ని నిర్ణయిస్తాయి, అవి p వైపు. బాట సంగతి p వైపు పెట్టకుండా ψ వైపు మాత్రమే పెడితే, "ఎలుగులు బాటల పక్కనే ఉంటాయి" అన్న వింత ఫలితం వస్తుంది. నిజానికి అవి బాట మీద నడిచేటప్పుడు తేలిగ్గా చిక్కాయి, అంతే. ఎటు పెట్టాలో తేలకపోతే రెండు వైపులా పెట్టి చూడండి.

```r
umf2 <- unmarkedFrameOccu(y = y,
  siteCovs = data.frame(bata = bata,
                        neeru = as.numeric(scale(neeru))))
m1 <- occu(~bata ~neeru, umf2)
predict(m1, type = "det",
        newdata = data.frame(bata = c(0, 1)))
```

`bata`, `neeru` మీ నోట్‌బుక్ నుంచి ఎక్కించిన వరుసలు. కెమెరా బాట మీద ఉంటే `bata` 1, లేకపోతే 0; `neeru` నీళ్ల దూరం. దూరాన్ని `scale` చేయడం మరవకండి. మీటర్లలో వేలకు వేలు ఇస్తే మోడల్ సరిగా కుదరక మొరాయిస్తుంది. 40 చోట్లకు ψ వైపు రెండు కోవేరియట్లు దాటించొద్దు.

8. ఫలితాన్ని నమ్మే ముందు చూడాల్సినవి

ఒకటి, ψ 0.99గానీ 1గానీ వచ్చి, లాజిట్ స్కేల్ మీద అంచనా 8, 10 లాంటి సంఖ్యగా, స్టాండర్డ్ ఎర్రర్ అంతకన్నా పెద్దగా ఉంటే ఎలుగులు అంతటా ఉన్నాయని సంబరపడొద్దు. జంతువు పడిన చోట్లలో దాదాపు అన్నింటా అది ఒక్క విడతలోనే పడినప్పుడు ఇలా అవుతుంది. రెండోసారి పడిన చోట్లు లేకపోతే p ఎంతో తేల్చడానికి ఆధారమే ఉండదు. p దాదాపు సున్నా, జంతువు మాత్రం అంతటా ఉంది అన్న వివరణను మోడల్ పట్టుకుంటుంది. దీనికి కోవేరియట్లు మందు కాదు. విడతలు పెంచాలి, లేదా ఆ జంతువుకు ఈ పద్ధతి మానుకోవాలి.

రెండు, విడతను మూడు రోజులు, పది రోజులు చేసి మళ్లీ వేయండి. p మారుతుంది, మారాలి కూడా. ψ పెద్దగా కదలకూడదు. 0.55 కాస్తా 0.75 అయితే, ఎలుగు ఒక వారం వరుసగా వచ్చి తర్వాత కనిపించకుండా పోతోందేమో తేదీలు చూడండి.

మూడు, ఫిట్ పరీక్ష:

```r
library(AICcmodavg)
mb.gof.test(m0, nsim = 1000)
```

ఇందులో `c-hat` ఒకటి దగ్గర ఉంటే సరే. రెండు దాటితే కెమెరాలు మరీ దగ్గరగా ఉండి ఒకే ఎలుగు రెండింట్లోనూ పడుతోందా, p చోటును బట్టి బాగా మారుతోందా అని వెతకండి. కొన్ని చోట్ల తేలిగ్గా, కొన్ని చోట్ల కష్టంగా చిక్కే తేడాను మోడల్‌కు చెప్పకపోతే ψ తక్కువగా వస్తుంది.

9. రిపోర్టులో ఇలా రాయండి

"మార్చిలో 30 రోజులు, 40 కెమెరా చోట్లు, ఐదు రోజుల విడతలు ఆరు. 18 చోట్ల ఎలుగుబంటి నమోదైంది (0.45). డిటెక్షన్‌ను సవరించాక, ఆ నెలలో ఒక చోటును ఎలుగు వాడే అవకాశం 0.545 (95% అవధి 0.34 నుంచి 0.74). వాడే చోట ఐదు రోజుల విడతలో నమోదయ్యే అవకాశం 0.252."

ఆ అవధిని చూసి పై అధికారి ముఖం చిట్లిస్తారు. 0.34 నుంచి 0.74 దాకా అంటే ఏం తేలినట్టని అడుగుతారు. సబబైన ప్రశ్నే. నలభై కెమెరాలకు అంతే తేలుతుంది. వచ్చే ఏడాది 0.45 వస్తే తగ్గిందని గానీ, 0.65 వస్తే పెరిగిందని గానీ ఈ డేటాతో చెప్పలేమని అదే పేజీలో రాసేయండి. కెమెరాలు ఇంకో నలభై అడగడానికి ఆ వాక్యమే పనికొస్తుంది.